ఫిట్స్ మాత్ర మరిచిపోయిన రాత్రి, కంపెనీ మారిన స్ట్రిప్పు

సార్ నమస్తే. మా తమ్ముడికి 26 ఏళ్లు, ఆరేళ్ల నుంచి ఫిట్స్‌కి మందులు వాడుతున్నాడు. రాత్రి పదికి ఫెనిటాయిన్ 100 ఎంజీ మాత్రలు మూడు, లెవెటిరాసెటామ్ 500 పొద్దున ఎనిమిదికి ఒకటి, రాత్రి పదికి ఒకటి. రెండేళ్లుగా ఒక్క ఫిట్ కూడా రాలేదు. నెలన్నర క్రితం సూర్యాపేటలో మా పిన్ని కూతురి పెళ్లి, ముహూర్తం అర్ధరాత్రి దాటాక. ఆ హడావిడిలో రాత్రి మందులు మరిచిపోయాడు. పొద్దున ఏడింటికి గుర్తొచ్చింది, వేసుకోవాలో వద్దో తెలియక పొద్దుటి మాత్ర కూడా వేసుకోలేదు, రాత్రికి అన్నీ రెట్టింపు వేసుకున్నాడు. మర్నాడంతా కళ్లు తిరిగాయి, తర్వాత తగ్గింది. మూడు వారాల క్రితం మెడికల్ షాపులో ఫెనిటాయిన్ వేరే కంపెనీది ఇచ్చి "అదే మందు, పేరే వేరు" అన్నారు. వారం నుంచి నడుస్తుంటే తూలుతున్నాడు, ఒకటి రెండుగా కనిపిస్తోందంటున్నాడు, మాట ముద్దగా వస్తోంది. తాగొచ్చావా అని ఆఫీసులో అడిగారట. ఆ రోజు మందు మరిచిపోయినందుకేనా ఇదంతా? మందు ఆపేయమంటారా?
– ఒక అక్క, ఖమ్మం

అమ్మా, ముందు ఈ రోజే చేయాల్సిన పని చెప్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. మీరు రాసిన మూడు లక్షణాలు, అంటే తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, ఈ మూడూ ఫెనిటాయిన్ వాడే మనిషిలో కలిసి కనిపిస్తే మొదట అనుమానించాల్సింది రక్తంలో ఆ మందు మోతాదు మించిందని. కాబట్టి ఈ రోజే మీ న్యూరాలజిస్టుకు ఫోన్ చేసి ఈ మాటలే చెప్పండి, రాత్రి ఫెనిటాయిన్ వేయాలా, ఎన్ని వేయాలి అన్నది ఆయననే అడగండి. ఫోన్‌లో దొరక్కపోతే న్యూరాలజీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాంతులవుతున్నా, పట్టుకోకుండా నిలబడలేకపోతున్నా, మనిషి మగతగా ఉండి పొంతన లేకుండా మాట్లాడుతున్నా ఇక ఫోన్ల కోసం చూడకుండా నేరుగా క్యాజువాలిటీకే వెళ్లండి.

మీ అంతట మీరు మందు ఆపొద్దు. లెవెటిరాసెటామ్ అసలు ఆపొద్దు, దాని పని అది చేస్తోంది. ఫెనిటాయిన్ ఎక్కువైందని తేలితే డాక్టర్లు ఒకటి రెండు మోతాదులు నిలిపి మళ్లీ తగ్గించి మొదలుపెట్టొచ్చు, కానీ అది రిపోర్టు చూసి ఆయన తేల్చాల్సిన విషయం. ఇంట్లో వాళ్లు భయపడి నాలుగు రోజులు పూర్తిగా మానిపిస్తే రెండేళ్లుగా రాని ఫిట్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. న్యూరాలజీ ఓపీ పక్కన మందుల కౌంటర్లో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి, ఫిట్స్ మళ్లీ వచ్చాయని వచ్చిన వాళ్లలో "మందు పడట్లేదని మేమే ఆపేశాం సార్" అన్న మాట నేను విన్నన్నిసార్లు ఇంకేదీ వినలేదు.

రక్తపరీక్ష పేరు ఫెనిటాయిన్ లెవెల్. రాత్రి మందు వేసుకునే ముందు తీసిన రక్తమైతే మంచిది, కానీ ఇంత తూలుతుంటే ఆ టైము కోసం ఎదురుచూడొద్దు, ఎప్పుడు కుదిరితే అప్పుడు ఇచ్చి, చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నాడో చీటీ మీద రాయించండి. ఇది తేలేదాకా తమ్ముడు బండి నడపొద్దు, మేడ మెట్లు ఒంటరిగా ఎక్కొద్దు.

ఇక మీ మొదటి ప్రశ్న. పెళ్లి రోజు మరిచిపోవడం వల్ల ఇప్పటి తూలుడు వచ్చిందా అంటే, కాదు. అది జరిగి నెలన్నర అయింది. ఆ రాత్రి రెట్టింపు వేసుకున్నందుకు మర్నాడు కళ్లు తిరిగాయి, తర్వాత తగ్గిపోయింది, దాని లెక్క అక్కడితో సరి. కానీ ఆ రోజు జరిగింది మళ్లీ జరగకూడదు, అందుకని అతని రెండు మందులనే తీసుకుని ఆ పొద్దున ఏం చేసి ఉండాల్సిందో చూద్దాం.

రెండు మందులూ ఒంట్లోంచి పోయే వేగం ఒకటి కాదు. లెవెటిరాసెటామ్ పెద్దవాళ్లలో దాదాపు ఏడు గంటలకు సగమవుతుంది, మరో ఏడు గంటలకు అందులో సగం. మీ తమ్ముడు పెళ్లి రోజు పొద్దున ఎనిమిదికి వేసుకున్నాక మళ్లీ వేసుకున్నది మర్నాటి రాత్రి పదికి, అంటే మధ్యలో 38 గంటలు. చివరి గంటల్లో ఆ మందు రక్తంలో దాదాపు లేనట్టే. పైగా రాత్రంతా నిద్ర లేదు, నిద్ర లేకపోవడమే ఫిట్‌ను రెచ్చగొడుతుంది. ఆ రోజు ఫిట్ రాలేదంటే ఫెనిటాయిన్ కాపాడిందనే అనుకోవాలి, ఎందుకంటే అది తొందరగా పోదు, చాలామందిలో సగం అవడానికి దాదాపు ఒక రోజు పడుతుంది.

పొద్దున ఏడింటికి గుర్తొచ్చినప్పుడు ఫెనిటాయిన్ వేసుకోవాల్సిన టైము దాటి తొమ్మిది గంటలైంది. రోజుకు ఒకేసారి వేసుకునే మందు అయితే, పన్నెండు గంటల లోపు గుర్తొస్తే గుర్తొచ్చిన వెంటనే వేసేసుకోవాలి. కాబట్టి ఏడింటికే ఏదైనా తిని ఆ మూడు మాత్రలు వేసుకుని, రాత్రి పదికి మళ్లీ మామూలుగా మూడు వేసుకుంటే సరిపోయేది. లెవెటిరాసెటామ్ రోజుకు రెండుసార్లు వేసుకునేది, దానికి ఆరు గంటల లోపు అన్నది గుర్తు. రాత్రి పది మాత్ర పొద్దున ఏడుకు తొమ్మిది గంటలు ఆలస్యం, ఇంకో గంటలో పొద్దుటి మాత్ర ఉండనే ఉంది, కాబట్టి రాత్రిది వదిలేసి పొద్దుటిది ఒక్కటే వేసుకోవాలి. ఎనిమిది దాకా ఆగక్కర్లేదు, ఏడింటికే వేసేసుకున్నా పర్వాలేదు. అదే అతనికి రాత్రి రెండింటికి, తాళి కట్టే టైములో గుర్తొచ్చి ఉంటే రెండు మందులూ అక్కడికక్కడే వేసుకోవాల్సింది.

రాత్రికి అన్నీ కలిపి రెట్టింపు వేసుకోవడం మాత్రం చేయకూడదు, ముఖ్యంగా ఫెనిటాయిన్. ఎందుకో కింద చెప్పే లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. కొందరు న్యూరాలజిస్టులు తమ పేషెంటు సంగతి తెలిసి, మరిచిపోయిన మాత్రను ఆ రోజులోనే ఎలాగైనా వేసుకోమని చెప్తారు. మీ డాక్టర్ అలా చెప్పి ఉంటే ఆయన మాటే వినండి. చెప్పలేదంటే వచ్చేసారి వెళ్లినప్పుడు "మరిచిపోతే ఏం చేయాలి సార్" అని అడిగి చీటీ వెనకాల రాయించుకోండి, ఓపీలో ఎంత రద్దీ ఉన్నా ఆ ఒక్క లైను రాయడానికి ఎవరూ కాదనరు.

ఒక పూట కాదు, ఒక రోజంతా మందు పోయిందంటే ఎవరి లెక్కలూ వద్దు, డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి. మీ తమ్ముడు వాడట్లేదుగానీ ఇది చదివేవాళ్లలో లామోట్రిజిన్ వాడేవాళ్లు ఉంటారు కాబట్టి ఒక మాట. ఆ మందు వరసగా కొన్ని రోజులు, అయిదు రోజులు అంతకు మించి, ఆగిపోతే మళ్లీ పాత మోతాదుతో ఒక్కసారిగా మొదలుపెట్టకూడదు. ఒళ్లంతా దద్దుర్లు వచ్చి చర్మం ఊడిపోయేంత ప్రమాదం ఉంటుంది. మళ్లీ చిన్న మోతాదు నుంచి మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోవాల్సి రావొచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, కంపెనీ మారిన స్ట్రిప్పు.

మీ ఊరి చెరువు గుర్తు తెచ్చుకోండి. మామూలు మందులకు మన ఒళ్లు మత్తడి ఉన్న చెరువు లాంటిది, నీళ్లు ఎక్కువొస్తే మత్తడి మీదుగా ఎక్కువ పోతాయి, మోతాదు పదో వంతు పెరిగితే రక్తంలోనూ పదో వంతే పెరుగుతుంది. ఫెనిటాయిన్ దగ్గర మత్తడి లేదు, ఒక్క తూము మాత్రమే ఉంది. లివరు ఆ మందును రోజుకు ఇంత అని ఒక హద్దు వరకే అరిగించగలదు. వచ్చేది ఆ హద్దుకు దగ్గర పడుతున్న కొద్దీ, ఇంకో నాలుగు బిందెలు ఎక్కువొస్తే చాలు, చెరువు రోజురోజుకీ నిండుతూ పోతుంది.

లెక్కలో చూపిస్తాను. ఇది మీ తమ్ముడి రిపోర్టు కాదు, యాభై కిలోల మనిషిని ఊహించుకుని వేసిన లెక్క. అతని లివరు రోజుకు గరిష్ఠంగా 320 ఎంజీ ఫెనిటాయిన్‌ను అరిగించగలదు అనుకుందాం. మూడు 100 ఎంజీ మాత్రల్లో ఉండేది ఫెనిటాయిన్ సోడియం, అందులో సోడియం బరువు తీసేస్తే అసలు ఫెనిటాయిన్ 276 ఎంజీ. పాత కంపెనీ మాత్రల నుంచి ఇందులో 250 రక్తంలోకి చేరుతోందనుకోండి, రక్తంలో లెవెల్ 14 దగ్గర నిలుస్తుంది. మామూలుగా ఉండాల్సింది మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య, కాబట్టి 14 చక్కగా ఉన్నట్టు. ఇప్పుడు కొత్త కంపెనీ మాత్ర కాస్త బాగా కరిగి 275 చేరిందనుకోండి. మోతాదు పెరిగింది పదో వంతే. లెవెల్ మాత్రం 24కి పోతుంది. అదే కొత్త మాత్ర కొంచెం తక్కువ కరిగి 225 మాత్రమే చేరితే లెవెల్ 10 కిందికి దిగిపోతుంది, అప్పుడు తూలడం ఉండదు, ఫిట్ రావొచ్చు. రెండుసార్లూ చీటీ మీద రాసింది మూడు మాత్రలే, స్ట్రిప్పు మీద ఉన్నది 100 ఎంజీయే.

20 దాటాక చాలామందికి ముందు కళ్లు అదురుతాయి. మీరు ఒక వేలును తమ్ముడి మొహం ముందు పెట్టి మెల్లగా పక్కకి జరుపుతూ చూపుతో వెంబడించమనండి, చివరికొచ్చేసరికి నల్లగుడ్డు సన్నగా కొట్టుకుంటుంటే డాక్టర్‌కు ఫోన్‌లో ఆ మాట కూడా చెప్పండి. ఇంకా పెరిగి 30 ప్రాంతానికి వచ్చేసరికి నడక తూలుతుంది, ఆ పైన మగత, తికమక. ఈ అంకెలు మనిషి మనిషికీ కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

మూడు వారాల క్రితం స్ట్రిప్పు మారితే తూలడం వారం నుంచే ఎందుకు మొదలైందని మీకు అనిపించొచ్చు. చెరువు ఒక్క రాత్రిలో నిండదు కదా, తూము హద్దు దగ్గర ఉన్నప్పుడు లెవెల్ రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు, పెరుగుతూనే ఉంటుంది. అందుకే చాలామంది ఇంట్లో స్ట్రిప్పు మారిన విషయమే మరిచిపోయి ఉంటారు, తల స్కానింగులకీ చెవి డాక్టర్లకీ తిరుగుతారు. మీరు రెండింటినీ పక్కపక్కన పెట్టి రాశారు, అది చాలా పనికొచ్చే సంగతి.

అయితే నేను కంపెనీయే కారణమని ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పడం లేదు. ఈ మూడు వారాల్లో ఇంకేదైనా కొత్త మందు వేసుకున్నాడా అడగండి. తామరకో ఇంకో ఫంగస్‌కో ఇచ్చే ఫ్లుకోనజోల్, టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ లాంటివి ఆ తూమును ఇంకా మూసేస్తాయి, పాత కంపెనీ మాత్రతో కూడా లెవెల్ పైకి పోతుంది. ఇంకొకటి, పాత స్ట్రిప్పునూ కొత్త స్ట్రిప్పునూ వెనక్కి తిప్పి వెలుతురులో పక్కపక్కన పెట్టి చదవండి. ఫెనిటాయిన్‌లో మామూలు మాత్ర ఉంది, మెల్లగా విడుదలయ్యే రకం ఉంది, 100 ఉంది, 300 ఉంది. 100 ఎంజీ అనుకుని 300 ఎంజీవి మూడు వేసుకుంటున్నాడేమో ముందు అది చూడండి, అలా అయితే ఇక ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి. రెండు స్ట్రిప్పులూ, ఖాళీవైనా సరే, డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి. పేరు చెప్తే గుర్తుపట్టడం కష్టం, స్ట్రిప్పు చూపిస్తే ఒక్క నిమిషం.

కొత్త కంపెనీ మందు నకిలీదనో చవకదనో అనుకోవద్దు. ఎక్కువ పనిచేసిందంటే అది బాగా కరిగిందనే అర్థం. 1968లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఫెనిటాయిన్ వాడుతున్న చాలామంది ఒక్కసారిగా ఇలాగే తూలుతూ ఆసుపత్రులకు వచ్చారు. వెతికితే తేలిందేమిటంటే, క్యాప్సూల్‌లో మందు అంతే ఉంది, మందును కలిపే పొడి ఒక్కటే మారింది. అంతకుముందు కాల్షియం సల్ఫేట్ వాడేవాళ్లు, దాని బదులు లాక్టోజ్ వేశారు. కాల్షియం సల్ఫేట్ ఉన్నప్పుడు మందు పూర్తిగా ఒంటికి పట్టేది కాదు, డాక్టర్లు తెలియకుండానే దానికి సరిపడా మోతాదు పెట్టి ఉన్నారు. లాక్టోజ్ రాగానే మందు ఎక్కువ పట్టింది, లెవెల్ పైకి పోయింది. ఎన్ని ఎంజీలో ఒక్క అంకె కూడా మారలేదు.

కొత్త కంపెనీ మందు మార్కెట్లోకి రావాలంటే రక్తంలోకి ఎంత చేరుతుందో అసలు మందుతో పోల్చి చూస్తారు. ఆ పోలికకు అనుమతించే హద్దు 80 నుంచి 125 శాతం. నిజానికి చాలా మందులకు తేడా ఇందులో చాలా చిన్నదే ఉంటుంది. కానీ అన్నింటినీ పోల్చేది అసలు కంపెనీ మందుతో, ఒక జనరిక్‌ను ఇంకో జనరిక్‌తో కాదు. ఒకటి కాస్త కిందా ఒకటి కాస్త పైనా ఉంటే, దాని నుంచి దీనికి మారినప్పుడు తేడా కొంచెం పెద్దదవుతుంది, మిగతా మందులకు అది లెక్కలోకి రాదు, ఫెనిటాయిన్‌కు వస్తుంది.

అందుకే అన్ని ఫిట్స్ మందులనూ ఒకే గాటన కట్టొద్దు. బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ 2013లో వీటిని మూడు వరసలుగా విడదీసింది. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ లాంటివి మొదటి వరస, అవి ఒకే కంపెనీవి వాడాలి. వాల్ప్రోయేట్, లామోట్రిజిన్, క్లోబజామ్ లాంటివి రెండో వరస, మనిషిని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. లెవెటిరాసెటామ్ మూడో వరస, కంపెనీ మారినా మామూలుగా ఇబ్బంది ఉండదు. లామోట్రిజిన్ మీద అమెరికాలో ప్రత్యేకంగా చూశారు, ఒక జనరిక్ నుంచి ఇంకో జనరిక్‌కు మార్చినా రక్తంలో లెవెల్ చెప్పుకోదగ్గంత మారలేదు. కాబట్టి మీ తమ్ముడి లెవెటిరాసెటామ్ జన ఔషధిలో చవకగా దొరికితే డాక్టర్‌తో ఒక మాట చెప్పి అక్కడే కొనుక్కోండి, డబ్బు మిగులుతుంది. ఫెనిటాయిన్ కూడా జనరిక్ వాడొచ్చు, ఏ తప్పూ లేదు, మొదలుపెట్టినదాన్నే పట్టుకుని ఉండాలి, మార్చాల్సి వస్తే డాక్టర్‌కు తెలిసి, రెండు మూడు వారాలకు ఒకసారి లెవెల్ చూసుకుంటూ మారాలి.

షాపాయన "అదే మందు" అన్నది అబద్ధం కాదు, కానీ చేయకూడని పని చేశారు. ఫెనిటాయిన్ లాంటి మందుకు చీటీలో రాసినదాని బదులు, అదే మందు ఉన్నా సరే, డాక్టర్‌ను అడగకుండా ఇంకోటి ఇవ్వకూడదు. అతనితో గొడవ అక్కర్లేదు. వచ్చే నెల నుంచి డాక్టర్‌ను చీటీ మీద కంపెనీ పేరుతో సహా రాయమనండి, మాత్రలు ఇంకా పది రోజులవి ఉండగానే షాపులో చెప్పి తెప్పించుకోండి, డబ్బులిచ్చే ముందు కౌంటర్ దగ్గరే పాత స్ట్రిప్పుతో పోల్చి చూసుకోండి. పది రోజులు ముందుంటే ఆ షాపులో లేకపోయినా ఇంకో నాలుగు షాపులు తిరగడానికి టైముంటుంది.

ఒకవేళ ఎక్కడా దొరకలేదు, రాత్రి మాత్ర లేదు, అప్పుడేం చేయాలి? అప్పుడు వేరే కంపెనీదే వేసుకోవాలి. మందు మానేయడం కంటే అది ఎన్నో రెట్లు నయం. ఎన్ని ఎంజీ, మామూలు రకమా మెల్లగా విడుదలయ్యే రకమా అన్నది పాతదానితో సరిగ్గా సరిపోవాలి, మర్నాడు డాక్టర్‌కు చెప్పాలి, ఆ తేదీని క్యాలెండర్ మీద రాసుకోవాలి.

మరిచిపోకుండా ఉండటానికి మా కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన చేసేది మీకు చెప్తాను. కొత్త స్ట్రిప్పు తీసుకోగానే అక్కడే బల్ల మీద పెట్టుకుని, వెనక రేకు మీద ఒక్కో మాత్ర దగ్గర బాల్ పెన్నుతో సోమ, మంగళ, బుధ అని రాసుకునేవాడు. వేసుకున్నాడో లేదో అనుమానమొస్తే స్ట్రిప్పు చూస్తే తెలిసిపోతుంది, "వేసుకున్నానేమోలే" అని వదిలేయడం, "వేసుకోలేదేమో" అని ఇంకోసారి వేసుకోవడం రెండూ తప్పుతాయి. ఊరెళ్లేటప్పుడు మూడు రోజుల మందులు విడిగా మీ అమ్మగారి హ్యాండ్‌బ్యాగులో ఉంచండి, పెళ్లికైనా, శివరాత్రి జాగరణకైనా, దేవుడి ఉపవాసమైనా మాత్ర మాత్రం నీళ్లతో టైముకు పడాలి.

ఈ మందు సర్దుబాటు జరిగే రోజుల్లో ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా, చేతిలో తాళాలు ఏవీ పెట్టొద్దు, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది మొదలైనా 108కి ఫోన్ చేయండి. డాక్టర్ ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే రాసి ఇచ్చి ఉంటే ఆయన చెప్పినట్టే వాడండి.

ఫెనిటాయిన్ లెవెల్ రిపోర్టు వచ్చాక ఆ అంకె, రక్తం తీసిన టైము, చివరి మాత్ర వేసుకున్న టైము, రెండు స్ట్రిప్పుల వెనక ఉన్న వివరాలు నాకు మళ్లీ రాయండమ్మా.